మూడు ప్యాకేజీల మధ్య మెట్లు

2010లో ఇజ్రాయెల్‌లో మొదలైన ఫైవర్‌లో తొలినాళ్లలో ఏ పనికైనా ధర ఐదు డాలర్లే. పేరు కూడా అందులోంచి వచ్చిందే. ఇప్పుడక్కడ ఒకే సేవను బేసిక్, స్టాండర్డ్, ప్రీమియం అని మూడు ప్యాకేజీలుగా అమ్మవచ్చు. కొనేవారికి అవి పక్కపక్కన పట్టికలా కనిపిస్తాయి.

మూడో ధర మనసును ఎలా కదుపుతుందో ఇటామర్ సైమన్‌సన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1992లో ప్రచురించిన కెమెరాల ప్రయోగం చూపింది. 170 డాలర్ల కెమెరా, 240 డాలర్ల కెమెరా మాత్రమే చూపినప్పుడు ఎంపిక చెరిసగం. 470 డాలర్లది చేర్చగానే 240 డాలర్లదానికి 57 శాతం మంది మొగ్గారు.

ఇది చదివి చాలామంది ప్రీమియం ధరను ఊరికే పెంచేస్తారు. అది పొరపాటు. ఆ ఖరీదైన కెమెరాలో నిజంగానే ఎక్కువ సౌకర్యాలున్నాయి. పట్టికలో మూడు గడులూ దాదాపు ఒకేలా ఉంటే కొనేవారు చవకదాన్నే తీసుకుంటారు, అందులో వారి తప్పేమీ లేదు.

లోగో డిజైనర్ ఒకరి లెక్క వేసి చూద్దాం. బేసిక్ 40 డాలర్లు: ఒక నమూనా, రెండుసార్లు మార్పులు, పీఎన్‌జీ ఫైలు. యూట్యూబ్ ఛానల్‌కి అది చాలు. ఫ్లెక్సీ వేయించాలనుకునే కొట్టు యజమానికి మాత్రం చాలదు. ఆ బొమ్మను పెద్దది చేస్తే అంచులు చెదిరిపోతాయి. ఆయనకు కావలసింది ఎంత పెంచినా చెదరని వెక్టర్ ఫైలు. అది స్టాండర్డ్‌లో, రెండు నమూనాలతో కలిపి, 75 డాలర్లకు ఉంటుంది. ప్రీమియం 150: విజిటింగ్ కార్డు, లెటర్‌హెడ్, రంగుల వాడకంపై సూచనలు అదనం. ఎవరికి ఏది సరిపోతుందో ప్యాకేజీ వివరణలోనే రాయాలి. వెక్టర్ లేదన్న సంగతి డబ్బు కట్టాక తెలిసిన కొనుగోలుదారు మోసపోయాననే అనుకుంటాడు.

ఇక డిజైనర్ వైపు. ఈ పనులకు వరుసగా నాలుగు, ఆరు, పన్నెండు గంటలు పడతాయనుకుందాం. ఫైవర్ 20 శాతం కమీషన్ పోగా మిగిలేది 32, 60, 120 డాలర్లు. గంటకు ఎనిమిది, పది, పది. అంటే కొనేవారు పై మెట్టు ఎక్కితే అమ్మేవారికీ లాభమే. అదే ప్రీమియాన్ని ఆకర్షణ కోసం 100కి దించితే గంటకు ఏడు డాలర్లు కూడా రావు. అన్నిటికన్నా పెద్ద ఆర్డరే అన్నిటికన్నా తక్కువ కూలి ఇస్తుంది. దానికి తోడు ‘ఎన్ని మార్పులైనా’ అని రాస్తే పన్నెండు గంటలు ఎక్కడ ఆగుతాయో చెప్పలేం. మార్పులకు అంకె వేసి, అది దాటితే అదనపు రుసుము పెట్టడం మేలు.

తర్వాత గమనించాల్సింది ఆర్డర్లు. బేసిక్ కొన్నవారు వరుసగా వెక్టర్ ఫైలే అడుగుతుంటే, తేడా వారి కంట పడడం లేదని అర్థం. అప్పుడు ధరల జోలికి పోకుండా ముందు వివరణను సరిచేయాలి.