అమ్మని చీరకు విలువెంత?

మార్చి 31 రాత్రి బట్టల కొట్లో షట్టరు సగం దించి, అరల్లో మిగిలిన చీరలు లెక్కపెడతారు. ఎన్ని ఉన్నాయో తెల్లారేసరికి తేలిపోతుంది. ఒక్కో చీరకు ఎంత వెయ్యాలన్న దగ్గరే తకరారు మొదలవుతుంది. కొన్న ధర బిల్లు మీద ఉంటుంది, అమ్మే ధర ట్యాగు మీద ఉంటుంది. ట్యాగు ధర వేస్తే అమ్మకుండానే లాభం చూపించినట్టు. పోనీ బిల్లు ధరే వేద్దామంటే, అదీ అన్నిసార్లూ కుదరదు.

చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఇచ్చిన అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 2 చెప్పేది ఇదీ: సరుకు మీద పడిన ఖర్చు ఒక పక్క, దాన్ని అమ్మితే అన్నీ పోను చేతికొచ్చే మొత్తం ఇంకో పక్క పెట్టి, ఏది తక్కువైతే అది వెయ్యాలి. ఆ రెండోదాన్నే ఆడిటర్లు నెట్ రియలైజబుల్ వాల్యూ, పొట్టిగా ఎన్‌ఆర్‌వీ అంటారు. పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 2లోనూ, ఆదాయపు పన్ను లెక్కకు వాడే ఐసీడీఎస్ 2లోనూ ఉన్నది ఇదే సూత్రం.

దీని మీద ఇంత పట్టింపు ఎందుకంటే, ఏడాది చివర మిగిలిన సరుకు విలువ నేరుగా లాభంలోకి వెళ్తుంది. అమ్మిన సరుకు ఖరీదు లెక్కగట్టేటప్పుడు మిగిలినదాన్ని తీసేస్తాం కాబట్టి, నిల్వకు వెయ్యి రూపాయలు ఎక్కువ వేస్తే లాభం వెయ్యి ఎక్కువ కనిపిస్తుంది. అందుకే ఒకే యజమాని బ్యాంకుకు స్టాకు స్టేట్‌మెంటు ఇచ్చేటప్పుడు విలువ పెంచాలని చూస్తాడు, పన్ను కట్టేటప్పుడు తగ్గించాలని చూస్తాడు. సరుకు మాత్రం అదే అరలో, అదే మడతలో ఉంటుంది.

ఒక ఊహా కొట్టు తీసుకుందాం. అందులో మూడు రకాల చీరలు మిగిలాయి. మొదటివి 60 నూలు చీరలు. ఒక్కోటి 700 రూపాయలకు కొన్నారు, లారీ కిరాయి చీరకు 20 పడింది. కిరాయి కూడా ఖరీదులో భాగమే, ఎందుకంటే అది సరుకును కొట్టుదాకా తెచ్చిన ఖర్చు. కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ క్రెడిట్‌గా తిరిగొస్తుంది కాబట్టి దాన్ని కలపకూడదు. అంటే చీర ఖరీదు 720. అక్టోబరు వానల్లో గోడౌను కప్పు కారి ఈ బేలు తడిసింది. అంచు రంగు దిగి ఒంటి మీదికి పాకింది. ఇక కొట్లో అమ్మలేరు. ఉతికించి పాలిష్ పట్టించి ఇస్తే, సంతల్లో అమ్మే వ్యాపారి జీఎస్టీ కాక 450 ఇస్తానన్నాడు. పాలిష్‌కు 60, బేరం కుదిర్చిన బ్రోకరుకు 20 పోతే చేతికొచ్చేది 370. కాబట్టి చీరకు 370 చొప్పున వెయ్యాలి. మొత్తం 60 చీరల మీద 21,000 రూపాయల నష్టం ఈ ఏడాదే రాయాలి.

“అమ్మకుండానే నష్టమేంటండీ?” అని యజమాని అడగడం సహజం. కానీ నష్టం అమ్మిన రోజున వచ్చింది కాదు, కప్పు కారిన రోజునే వచ్చింది. 720 చొప్పునే ఉంచేస్తే ఈ ఏడాది ముగింపు సరుకు వచ్చే ఏడాది ప్రారంభ సరుకు అవుతుంది, వానకు పోయిన డబ్బు వచ్చే ఏడాది వ్యాపారం నెత్తిన పడుతుంది.

రెండోవి 100 ఫ్యాన్సీ చీరలు. ఒక్క మరక లేదు, మడత కూడా నలగలేదు. రెండేళ్ల కిందటి డిజైను, అంతే. ఖరీదు 1,500, ట్యాగు మీద 2,520. ఆ ట్యాగులో 5 శాతం జీఎస్టీ కలిసి ఉంది, అది ప్రభుత్వానిది కాబట్టి అసలు ధర 2,400. ఆ ధరకు కదలడం లేదు కనుక ఆషాఢం సేల్‌లో 40 శాతం తగ్గింపుతో వదిలించుకోవాలని నిర్ణయించారు. అప్పుడు జీఎస్టీ పోను వచ్చేది 1,440. పాత సరుకు కదిపినందుకు సేల్స్‌మన్‌కు చీరకు 40 ఇస్తే మిగిలేది 1,400. ఖరీదుకు వంద తక్కువ. ఇక్కడ 10,000 నష్టం.

పాతబడ్డ సరుకుతోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఆరు నెలలు దాటితే పాతిక శాతం, ఏడాది దాటితే సగం అని గుడ్డిగా కోసేసే కొట్లు ఉన్నాయి. వయసు అనుమానానికి కారణమే తప్ప ధర కాదు. ఏడాదిగా కదలని పట్టుచీర ఖరీదుకు పైన అమ్ముడుపోతుందనుకుంటే దాన్ని ఖరీదుకే ఉంచాలి. కదలకపోవడం వల్ల ఎంతకు దిగాల్సి వస్తుందో దానికి ఆధారం కావాలి. ఆ ఆధారం చాలాసార్లు ఏప్రిల్ తర్వాతి బిల్లుల్లో దొరుకుతుంది. ఆషాఢం వచ్చేది జూన్, జూలైల్లో. అప్పటికి లెక్కల మీద సంతకాలు కాకపోతే, ఆ సేల్ బిల్లులు మార్చి 31 నాటి ధర అంచనా సరైనదో కాదో చెప్పేస్తాయి. మే నెలలో కొట్లో నిప్పంటుకుంటే సంగతి వేరు. ఆ నష్టం మార్చిలో లేదు, అది కొత్త ఏడాదిదే.

మూడోవి 50 పట్టుచీరలు. ఖరీదు 3,000, ఖర్చులు పోను 4,000 వస్తాయి. ఇవి 3,000కే ఉంటాయి.

ఇప్పుడు తెలివైన గుమాస్తా ఒకరు మూడూ కలిపేశారనుకోండి. మొత్తం ఖరీదు 3,43,200. మొత్తం చేతికొచ్చేది 3,62,200. ఖరీదే తక్కువ, కాబట్టి ఏమీ తగ్గించక్కర్లేదంటారు. పట్టుచీరల్లో ఇంకా రాని లాభం తడిసిన చీరల నష్టాన్ని దాచేసింది. అందుకే ఏ రకానికి ఆ రకం విడిగా పోల్చమని ప్రమాణం చెబుతుంది. అలా చేస్తే 22,200, 1,40,000, 1,50,000 కలిపి 3,12,200 అవుతుంది. తేడా 31,000. నా దృష్టిలో ఈ నియమం మొత్తానికీ ఆయువుపట్టు ఇదే, స్టాకు రిజిస్టరు చివరి పేజీ మొత్తాలు మాత్రమే చూసే ఆడిటరు కంటికి ఆనని చోటూ ఇదే.

ముడిసరుకు దగ్గర మాత్రం ఒక మినహాయింపు ఉంది. మంగళగిరిలో చీరలు నేయించే మాస్టర్ వీవర్ దగ్గర నూలు నిల్వ ఉందనుకుందాం. కొన్నాక నూలు ధర పడిపోయింది. అయినా ఆ నూలుతో నేసిన చీర దాని ఖర్చుకు తగ్గకుండా అమ్ముడుపోతుందంటే నూలు విలువ తగ్గించక్కర్లేదు. ఆయన అమ్మేది చీరే కానీ నూలు కాదు కదా. చీర ధర కూడా ఖర్చు కిందికి దిగితే అప్పుడు నూలునూ తగ్గించాలి.

చివరగా జీఎస్టీ చిక్కు. తడిసిన చీరల విలువ 370కి తగ్గించినంత మాత్రాన కొన్నప్పుడు తీసుకున్న క్రెడిట్ వెనక్కి కట్టక్కర్లేదు, ఎందుకంటే అవి ఇంకా అమ్మకానికే ఉన్నాయి, అమ్మినప్పుడు పన్ను పడుతుంది. అదే వాటిని పనికిరావని లెక్కల్లోంచి పూర్తిగా కొట్టేస్తే, జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) ప్రకారం క్రెడిట్ తిప్పి కట్టాలి. కాబట్టి గుమాస్తా రిజిస్టరులో “పాడైనవి, తీసేశాం” అని రాసేముందు ఆ సంత వ్యాపారి ఇంకా కొంటానంటున్నాడో లేదో కనుక్కోవాలి. 450 ఇస్తానన్న మాట ఒక ఈమెయిల్లోనో వాట్సాప్‌లోనో రాతపూర్వకంగా ఉంటే, విలువ తగ్గించడానికీ, పూర్తిగా కొట్టేయకపోవడానికీ రెండింటికీ అదే ఆధారం.