గుడ్డు మానేసినా తగ్గని నెలలు

దేశంలో తొలి స్వైన్‌ఫ్లూ కేసు 2009 మేలో హైదరాబాదులో బయటపడింది. అదే నగరంలో భారత్ బయోటెక్ చేసిన టీకా హెచ్‌ఎన్‌వ్యాక్ 2010 అక్టోబరులో గానీ రాలేదు. మహమ్మారి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగస్టులోనే ప్రకటించేసింది. హెచ్‌ఎన్‌వ్యాక్ గుడ్లతో పనిలేని టీకా. కుక్క మూత్రపిండం నుంచి వచ్చిన ఎం.డి.సి.కె. కణాల్లో వైరస్‌ను పెంచి చేశారు. గుడ్లలో పెంచిన జైడస్ టీకా మాత్రం జూన్‌లోనే వచ్చింది. ఆలస్యమంతా గుడ్డు పుణ్యమేనన్న మాట ఇక్కడే తేలిపోతుంది.

గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది, విశాఖలో రోజూ గుడ్ల ధర ప్రకటిస్తారు, మరి మనకేం కొరత అనొచ్చు. కానీ అంగట్లో దొరికేవి పిండం లేని గుడ్లు. టీకాకు కావలసినవి పుంజుతో కలిపి, రోగాలు సోకకుండా పెంచిన పెట్టలు పెట్టినవి. ఆ మందను నెలల ముందే సిద్ధం చేసుకోవాలి. పొదిగి పది రోజులైన గుడ్డు పెంకుకు బెజ్జం పెట్టి, పిండం చుట్టూ ఉన్న ద్రవంలోకి వైరస్‌ను ఎక్కిస్తారు. రెండు మూడు రోజులకు గుడ్డును చల్లబరచి ఆ ద్రవాన్ని లాగి, శుద్ధి చేసి, వైరస్‌ను చంపి, ముక్కలు చేస్తారు. ఇంతా చేస్తే ఒక రకం వైరస్‌కు సుమారు గుడ్డుకొక డోసు. అదీ వైరస్ గుడ్డులో బాగా పెరిగితేనే. 2009 వైరస్ మొదట్లో మొండికేసి దిగుబడిని బాగా తగ్గించింది.

హెచ్‌ఎన్‌వ్యాక్ కొత్త ఉత్పత్తి, ప్రయోగ పరీక్షలన్నీ జరగాలి కాబట్టే ఆలస్యమైందని ఎవరైనా అంటే, నిజమే. అయితే ఏటా రకం మార్చుకునే పాత టీకాలకు ఆ బెడద లేకపోయినా దాదాపు ఆరు నెలలు పడుతోంది. ఫిబ్రవరిలో రకాలు ఖరారైతే సీసాలు అందేది శరదృతువుకే. పురుగు కణాల్లో కేవలం హెచ్‌ఏ ప్రొటీన్‌నే పండించే రీకాంబినెంట్ పద్ధతికి జన్యుక్రమం చాలు, విత్తన వైరస్ కోసం చూడక్కర్లేదు; కొన్ని వారాలు కలిసొస్తాయి. ఆ తర్వాత మూడు దారులూ ఒకే గుమ్మం దగ్గర ఆగుతాయి. సీసాలో హెచ్‌ఏ ఎంతుందో కొలవాలంటే ఆ రకానికి ప్రత్యేకమైన గొర్రె సీరం కావాలి. దాన్ని కలిపిన జెల్‌లో టీకా చుక్క వేస్తే చుట్టూ వలయం ఏర్పడుతుంది. వలయం ఎంత పెద్దదైతే ప్రొటీన్ అంత ఎక్కువ. ఆ సీరం కోసం గొర్రెలకు పదేపదే సూదులు వేసి, రక్తం తీసి, సరిచూసేసరికి రెండు మూడు నెలలు పోతాయి. కణాల పద్ధతి అసలు లాభం, నా దృష్టిలో, వేగం కాదు: గుడ్డుకు అలవాటుపడే క్రమంలో వైరస్ రూపు మార్చుకునే బాధ అందులో తప్పుతుంది. వేగం సంగతికొస్తే, తొట్లలో సరుకు సిద్ధమైపోయినా, గొర్రె సీరం వచ్చేదాకా దాన్ని సీసాకెత్తడానికి లేదు.