డిష్‌వాషర్‌లో నిలిచిన నీళ్లు ఎక్కడివి?

హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్. రాత్రి వేసిన డిష్‌వాషర్ తలుపు పొద్దున తీస్తే అడుగున మురికినీళ్లు, గుప్పుమని పాచి వాసన. పంపు కాలిపోయిందనుకున్నారు ఇంట్లోవాళ్లు. వచ్చిన మెకానిక్ మిషన్ విప్పలేదు. నీళ్లు తోడేసి, పక్కనున్న సింకుకు మూత బిగించి నిండా నింపి, ఒక్కసారిగా వదిలాడు. కాసేపటికే ఖాళీ మిషన్ అడుగున నీళ్లు ఊరాయి. అంటే మిషన్ తన నీళ్లు బాగానే బయటికి పంపుతోంది, సింకు నీళ్లే వెనక్కి వస్తున్నాయి.

తప్పు డ్రెయిన్ పైపుది. మిషన్ నుంచి బయల్దేరి సింకు కింది గొట్టంలో కలిసే ఆ పైపు, అల్మారా నేల మీద వాలిపోయి ఉంది. సింకు గొట్టంలో జిడ్డు పేరుకుని నీళ్లు నెమ్మదిస్తే, వాటికి దగ్గరి దారి ఆ పైపే. దాన్ని ముందు కిచెన్ గట్టు అడుగుదాకా పైకెత్తి, అక్కడ క్లాంపుతో బిగించి, అప్పుడు కిందికి దించి కలపాలి. ఆ వంపును దాటేంత ఎత్తుకు మురుగు మామూలుగా ఎక్కదు. ఎంత ఎత్తు ఉండాలో కంపెనీ పుస్తకంలో చూసుకోవాలి. పైపు మడత పడకూడదు. సింకు గొట్టమే మూసుకుపోతే మాత్రం ముందు దాన్ని శుభ్రం చేయించాల్సిందే, వంపు ఒక్కటే కాపాడదు.

కొన్ని ఇళ్లలో మిషన్ యుటిలిటీలో ఉంటుంది, పైపు కొసను నేల మీది జాలీలోకి దూర్చేస్తారు. అక్కడ తిప్పలు ఇంకో రకం. పైపు మొత్తం కిందే ఉంటే, మిషన్ నింపుకున్న నీళ్లు కడగకముందే దానంతట అవే జారిపోవచ్చు. గిన్నెలకు సబ్బు మరకలు మిగులుతాయి. ఇక్కడా పైపును ముందు పైకెత్తి దించడమే మందు.

అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో ఉండే తెలుగువాళ్లకు సింకు పక్కన గట్టు మీద చిన్న లోహపు టోపీ కనిపిస్తుంది. అదే ఎయిర్ గ్యాప్. మిషన్ నీళ్లు అందులో ఒక ఖాళీ దాటి ఇంకో పైపులో పడతాయి కాబట్టి, మురుగును వెనక్కి పీల్చే దారి తెగిపోతుంది. ఆ టోపీలోంచి నీళ్లు గట్టు మీదికి పొంగితే, దాని తర్వాతి పైపు మూసుకుందని గుర్తు. కొత్తగా గార్బేజ్ డిస్పోజర్ పెట్టించాక ఇలా జరిగితే, డిష్‌వాషర్ పైపు తగిలించే చోట లోపలున్న ప్లాస్టిక్ బిళ్లను తీయడం మరిచారేమో చూడాలి.

సింకు పరీక్షలో నీళ్లు రాకపోతే అనుమానం ఫిల్టర్ మీదికి మళ్లుతుంది. కింది రాక్ తీసేస్తే అడుగున గుండ్రటి ఫిల్టర్ కనిపిస్తుంది. చాలా మిషన్లలో ఎడమకు తిప్పితే పైకి వచ్చేస్తుంది. మన వంటల తర్వాత దాన్ని వెలుతురులో పెట్టి చూస్తే జాలీకి అంటిన అన్నం గంజి, ఆవాలు, కరివేపాకు ఈనెలు, గడ్డకట్టిన నూనె కనిపిస్తాయి. వాసన చాలాసార్లు అక్కడిదే. గోరువెచ్చని నీళ్లలో సబ్బు వేసి నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్దితే చాలు. స్టీలు పీచు వాడితే జాలీ చిరుగుతుంది. రోజూ వాడే ఇంట్లో వారానికోసారి కడగడం మంచిది. తిరిగి పెట్టేటప్పుడు గట్టిగా బిగించాలి, వదులుగా ఉంటే మెతుకులు పంపులోకి పోతాయి.

అన్నీ సరిచేశాక కూడా ఫిల్టర్ కింది గుంటలో కొద్దిగా తేటనీళ్లు మిగులుతాయి. అది మామూలే, దానికోసం మెకానిక్‌ను పిలవక్కర్లేదు. ఫిల్టర్‌ను దాటి పళ్లెం మీదికి నీళ్లు వచ్చి నిలిస్తేనే పిలవాలి.