మైకు కూసింది... తప్పు దానిది కాదు!

ఒకప్పుడు పల్లెల్లో పెళ్లి కబురు ఊరందరికీ చెప్పింది మైకుసెట్టే. తెల్లవారుజామున వేపచెట్టు కొమ్మకు కట్టిన హారన్ పాట అందుకుంటే, ఫలానా వారింట పెళ్లి అని పొలాల్లో ఉన్నవారికి కూడా తెలిసేది. అలాంటి సెట్టును పాతికేళ్లు నడిపిన ఒక పల్లెటూరి ఆపరేటరు, హైదరాబాదు పెళ్లిలో ఎదుర్కొన్న చిక్కు కథ ఇది.

ఊరి రైతు ఒకాయన తన కూతురి పెళ్లి అమీర్‌పేటలోని కల్యాణ మండపంలో పెట్టుకున్నాడు. మైకు మాత్రం మన ఊరివాడే పెట్టాలని పట్టుబట్టి ఆపరేటరును వెంట తీసుకుపోయాడు. మగపెళ్లివారి విడిది పక్కనే పంజాగుట్టలో. దూరం ఎంతో లేకపోయినా, ఆ రద్దీలో పెళ్లికొడుకు కారు కదిలి వచ్చేసరికి గంట పట్టింది. ముహూర్తం ముంచుకొచ్చింది.

ఆపరేటరు అంతకుముందే అన్నీ సర్దుకున్నాడు. వేదికకు అటొకటి, ఇటొకటి స్పీకరు బాక్సులు పెట్టి, వాటి ముఖాలు జనం వైపు తిప్పాడు. మైకులు మూడు. ఒకటి పురోహితుడికి, ఒకటి సన్నాయికి, మూడోది చదివింపులు చెప్పడానికి. మూడూ బాక్సుల వెనుకే ఉన్నాయి. మాట్లాడి చూస్తే ఏ లోపమూ లేదు.

జీలకర్ర బెల్లానికి పది నిమిషాలుందనగా, మంత్రాలు వెనుక వరుసకు వినిపించడం లేదని ఎవరో కేక వేశారు. ఆపరేటరు వాల్యూము కాస్త పెంచాడు. అంతే! చెవులు చిల్లులు పడేలా ‘కీ...’ మని కూత. చంటిపిల్లలు ఏడుపు అందుకున్నారు. మగపెళ్లివారిలో ఒక పెద్దాయన, “ఇదేనా బావగారూ మీ ఊరి సెట్టు?” అన్నాడు. పెళ్లికూతురి తండ్రి ముఖం వాడిపోయింది.

పురోహితుడి మైకే చెడిపోయిందనుకుని పెళ్లికూతురి మేనమామ దాన్ని అరచేత్తో మూశాడు. కూత ఇంకా హెచ్చింది. “బాబాయ్, చెయ్యి తియ్యండి. అలా మూస్తే అన్ని వైపుల చప్పుడూ లాగుతుంది” అంటూ ఆపరేటరు మెయిన్ వాల్యూము తగ్గించాడు. కూత ఆగిపోయింది. అసలు సంగతి ఆయనకు అక్కడే సగం తెలిసిపోయింది. తీగల్లోనో, ఎర్తులోనో లోపముంటే వచ్చేది ‘గుయ్’ మనే గుర్రు. వాల్యూము తగ్గించగానే తెగిపోయే సన్నని కూత మాత్రం బాక్సు మాటను మైకు మళ్లీ వినడం వల్ల వచ్చేదే.

బాక్సులోంచి వచ్చిన చప్పుడు మైకులో పడితే, యాంప్లిఫయరు దాన్ని పెంచి మళ్లీ బాక్సుకు పంపుతుంది. అది మళ్లీ మైకులో పడుతుంది. ఈ గిరక తిరిగిన ప్రతిసారీ చప్పుడు తగ్గితే ఇబ్బంది లేదు. తగ్గకుండా పెరుగుతూ పోతే రెప్పపాటులో కూతగా మారుతుంది. దీని గుట్టు విప్పిన డెన్మార్కు శాస్త్రజ్ఞుడు సోరెన్ లార్సెన్ (1871–1957) పేరు మీద దీన్ని లార్సెన్ ఎఫెక్టు అంటారు.

ఇక తేలవలసింది మూడింటిలో ఏ మైకు అన్నదే. ఆపరేటరు మూడూ కట్టేసి ఒక్కొక్కటే తెరిచాడు. పురోహితుడిది బాగుంది. సన్నాయిదీ బాగుంది. మూడోది తెరవగానే కూత. జనాన్ని తప్పించుకుని వెళ్లి చూస్తే, వీడియో తీసేవారు అడ్డంగా ఉందని ఆ స్టాండును పక్కకు జరిపారు. అది కుడి బాక్సు ముందుకు, మూడడుగుల దూరంలోకి వచ్చి, మూతి బాక్సు వైపే తిరిగి ఉంది. తక్కువ వాల్యూములో ఊరుకున్నది, పెంచగానే బయటపడింది.

ఆయన స్టాండును మళ్లీ బాక్సు వెనక్కి చేర్చి, చదివింపుల దాకా ఆ మైకు కట్టేశాడు. పురోహితుడి నోటికి అడుగు దూరంలో ఉన్న మైకును అరడుగుకు జరిపాడు. దూరం సగమైతే మైకుకు అందే గొంతు రెట్టింపవుతుంది కనుక, వాల్యూము పెంచకుండానే మంత్రాలు వెనుక వరుసకు చేరాయి. ముహూర్తం తప్పలేదు.

ఊళ్లో ఆయనకు ఈ చిక్కు అరుదు. అక్కడ పందిరికి గోడలుండవు, హారన్ దూరాన చెట్టు మీద ఉండేది. మూసి ఉన్న మండపంలో గోడలు, కప్పు కూడా చప్పుడును మైకుకు తిరిగి ఇస్తాయి. అందుకే అన్నీ సరిగా సర్దినా, అక్కడ వాల్యూముకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దగ్గరపడితే మాట చివర గంట మోగినట్టు సన్నని జీర వినిపిస్తుంది. అది వినగానే కాస్త తగ్గిస్తే కూత రాదు.