పదిహేడో నంబరు పెట్టెలో ఏముంది?

ఇల్లు మారేటప్పుడు అట్టపెట్టెల మీద స్కెచ్ పెన్నుతో ‘కిచెన్’, ‘బట్టలు’, ‘ఇతరాలు’ అని రాసి ఊరుకుంటాం. కొత్తింట్లో సామాను దిగాక ‘కిచెన్’ అని రాసిన పెట్టెలే ఏడెనిమిది కనబడతాయి. పాలు పొంగించడానికి గిన్నె కావాలంటే అన్నీ విప్పాల్సిందే. పైగా ఒక పెట్టె రాకపోయినా ఆ సంగతి వారం దాకా తెలియదు. ఈ రెండు తిప్పలకూ ఒకటే మందు: ఒక చిన్న పట్టిక. నోటుబుక్కులో గీసుకున్నా సరే, ఫోన్లో స్ప్రెడ్‌షీటుగా పెట్టుకున్నా సరే.

విజయవాడలో రెండు పడగ్గదుల ఇల్లు ఖాళీ చేసి హైదరాబాదు వెళ్తున్న కుటుంబం ఒకటి ఉందనుకుందాం. వాళ్ల పట్టికలో కొన్ని వరుసలు ఇలా ఉంటాయి:

| నంబరు | గది | లోపల ఉన్నవి | పగిలేవా? | దిగిందా? |
|---|---|---|---|---|
| 1 | వంటిల్లు | పాలగిన్నె, లైటరు, పంచదార, కాఫీ పొడి, కత్తెర | | |
| 14 | వంటిల్లు | మిక్సీ, మూడు జార్లు, గరిటెలు | | |
| 17 | హాలు | పింగాణీ ప్లేట్లు 12, గాజు గిన్నెలు 4 | అవును | |
| 51 | పిల్లల గది | స్కూలు పుస్తకాలు, జామెట్రీ బాక్సు | | |

పదిహేడో పెట్టె చూడండి. ఆ ప్లేట్లు విజయవాడలో వంటింటి అలమరలో ఉండేవి. హైదరాబాదు ఇంట్లో గాజు తలుపుల అలమర హాల్లో ఉంది కాబట్టి ‘హాలు’ అని రాశారు. ‘గది’ గడిలో రాయాల్సింది వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందని కాదు, ఎక్కడికి వెళ్లాలని. దింపే కూలీలకు పాత ఇంటితో పనిలేదు. కొత్తింటి గుమ్మాలకు అవే పేర్లతో కాగితాలు అంటిస్తే, ఎవరినీ అడగకుండా పెట్టెను నేరుగా ఆ గదిలోనే పెడతారు.

నంబర్లు 17 తర్వాత ఎక్కడో 51కి దూకడానికీ కారణం ఉంది. ఇద్దరు రెండు గదుల్లో ఒకేసారి సర్దితే ఒకే నంబరు రెండు పెట్టెలకు పడుతుంది. అందుకే ఒకరు 1 నుంచి, మరొకరు 51 నుంచి మొదలుపెట్టారు. టేపు వేయకముందే వరుస రాయాలి. మూత పడ్డాక రాసేదంతా ఊహే. నంబరును పెట్టె పైన ఒక్కచోటే రాస్తే దాని మీద ఇంకో పెట్టె ఎక్కగానే కనబడదు. కనీసం రెండు పక్కల కూడా రాయాలి. పెట్టె మీద నంబరు, గది, పగిలేవైతే ఆ గుర్తు, అంతే. లోపల ఏముందో పట్టికలోనే ఉండాలి. ‘వెండి సామాను’ అని బయటకు కనబడేలా రాయడం దొంగకు చిరునామా ఇవ్వడమే. నగలు, ఇంటి పత్రాలు, సర్టిఫికెట్లు లారీ ఎక్కకూడదు, మన చేతి సంచిలోనే రావాలి.

ఇక పగిలేవి. భయంతో ప్రతి పెట్టెకూ ఈ గుర్తు పెట్టేవాళ్లు చాలామంది. లారీలో బరువైనవి అడుగున, తేలికైనవి పైన పేరుస్తారు. పగిలేవి అన్నిటికన్నా పైన ఉండాలి, వాటి మీద ఇంకేమీ రాకూడదు. నలభై పెట్టెల్లో ముప్పైకి గుర్తుంటే అన్నిటికీ పైన చోటు ఎక్కడిది? కూలీలు ఆ గుర్తునే పట్టించుకోవడం మానేస్తారు. గాజు, పింగాణీ, దేవుడి పటాల అద్దాలు, ఆవకాయ జాడీ వంటి వాటికే పెడితే ఐదారు పెట్టెలు తేలతాయి. మిక్సీకి అక్కర్లేదు, దుప్పటి చుడితే చాలు. అయితే గుర్తు ఒక్కటే ప్లేటును కాపాడదు. ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకుండా, ఒక్కోదానికి కాగితం చుట్టి అంచు మీద నిలబెట్టాలి. సందుల్లో పాత తువ్వాళ్లు కూరాలి. మూత వేశాక మెల్లగా కదిపితే చప్పుడు వచ్చిందంటే లోపల ఇంకా ఖాళీ ఉందన్నమాట.

సామాను దిగే రోజున ఒకరు గుమ్మం దగ్గరే నిలబడాలి, వేరే పని పెట్టుకోకూడదు. పెట్టె లోపలికి వస్తుంటే నంబరు చదివి చివరి గడిలో టిక్కు పెట్టాలి. లారీ వెళ్లకముందే ఖాళీ గడులు చూసుకుంటే, రాని పెట్టె లారీ మూలన ఉందేమో అప్పుడే వెతికించవచ్చు. ఏ పెట్టె అయినా తడిసినా, నలిగినా విప్పకముందే ఫోటో తీసి, రవాణా వాళ్ల డెలివరీ కాగితం మీద ఆ నంబరుతో సహా రాశాకే సంతకం పెట్టాలి.

రవాణా సంస్థ ఇచ్చే కాగితం మీద చాలాసార్లు ‘వాడిన ఇంటి సామాను’ అని, పెట్టెలు ఎన్నో మాత్రమే ఉంటుంది. దాన్ని బట్టి పన్నెండు ప్లేట్లు ఉన్నాయని ఎవరికీ తెలియదు. అందుకే బయల్దేరే ముందే మన పట్టిక నకలు మీద వాళ్ల మనిషి చేత సంతకం పెట్టించుకోవాలి. బీమా చేయించేటప్పుడూ వస్తువుల జాబితా, విలువ అడుగుతారు కాబట్టి ఖరీదైన వాటికి పక్కన ధర రాసుకుంటే ఆ పనీ అయిపోతుంది. నష్టం జరిగి కోర్టుకు వెళ్లాల్సి వస్తే, 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం సామాను బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రవాణాదారుకు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. గడువు లెక్క సామాను చేరిన రోజు నుంచి కాదు, బుక్ చేసిన రోజు నుంచి. ఆ నోటీసులో ‘కొన్ని ప్లేట్లు పగిలాయి’ అని రాసేకన్నా, పదిహేడో పెట్టె వరుసను, ఫోటోను జత చేస్తే ఏం పోయిందో స్పష్టంగా తెలుస్తుంది.