తెల్లవారుజామున నిద్ర లేపే నడుం నొప్పి: కొన్ని విశేషాలు

★ నడుం నొప్పి వస్తే మంచమెక్కి పడుకోమంటారు. పడుకుంటే పెరిగి, లేచి తిరిగితే తగ్గే నడుం నొప్పి కూడా ఒకటుందని చాలామందికి తెలియదు. దాని పేరు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. వెన్నెముక అడుగు భాగం కటి ఎముకలతో కలిసే చోట, రెండు పిర్రల పైన, సాక్రోఇలియాక్ కీళ్లు ఉంటాయి. జబ్బు సాధారణంగా అక్కడే మొదలవుతుంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే ఆ కీళ్ల మీద తిరగబడి వాపు తెస్తుంది. వాపు ఏళ్ల తరబడి కొనసాగితే ఆ చోట కొత్త ఎముక పుట్టి, వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. ఇది ముసలితనపు జబ్బు కాదు. ఎక్కువగా ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నవాళ్లకే మొదలవుతుంది.

★ నల్లగొండ జిల్లాలో బిగుసుకుపోయిన వెన్ను అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడ్. అందులో తప్పేమీ లేదు. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను తొలిసారి 1937లో వివరించింది నాటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. దానికి ప్రపంచమంతా వాడే పేరు ‘నల్లగొండ టెక్నిక్’. గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి దిగి, ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్ల ఎముకల్లో పేరుకుంది. వెన్నెముక చుట్టూ ఉండే లిగమెంట్లు సున్నం పట్టి గట్టిపడ్డాయి. నడుము వంగని మనుషులను మర్రిగూడ వైపు పల్లెలు ఎన్నో ఏళ్లు చూశాయి.

★ అసలు చిక్కు ఇక్కడే ఉంది. రెండు జబ్బులూ వెన్నును కట్టెలా చేసేవే. అందుకే మన దగ్గర కుర్రవాడు నడుము పట్టేసిందంటే ‘నీళ్ల వల్లే’ అని తీర్పు చెప్పేయడం సులువు. పళ్ల మీద గోధుమరంగు మచ్చలు కూడా ఉంటే ఇక ఎవరికీ అనుమానమే రాదు. ఆ మచ్చలు చెప్పేది మాత్రం ఒక్కటే: పళ్ల పింగాణీ తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, అతను ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగాడని. ఇప్పుడు అతని నడుములో జరుగుతున్నదాని గురించి అవి ఏమీ చెప్పవు. మచ్చల పళ్లున్న మనిషికి స్పాండిలైటిస్ రాకూడదన్న నియమం లేదు.

★ ఒక ఉదాహరణ తీసుకుందాం. దేవరకొండ వైపు 24 ఏళ్ల కుర్రవాడు, ఒక గోదాములో బస్తాలు ఎత్తే పని. ఆరు నెలలుగా నడుం నొప్పి. ఫలానా రోజు మొదలైందని చెప్పలేడు, మెల్లగా వచ్చింది. రాత్రి మూడు, నాలుగు గంటలకు మెలకువ వస్తుంది. మంచం మీద ఎటు తిరిగినా కుదరదు, లేచి వాకిట్లో నాలుగు అడుగులు వేస్తే కొంత నయం. పొద్దున గంటసేపు నడుము వంగదు. పనిలో పడ్డాక సడలుతుంది. సెలవు రోజు పడుకుంటే మరింత బిగుస్తుంది. ఒక వారం కుడి పిర్ర, ఇంకో వారం ఎడమ పిర్ర నొస్తుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తే రెండు రోజులు హాయిగా ఉండి, మళ్లీ మామూలే. బరువులెత్తడం వల్ల అన్నారు ఇంట్లో. పట్నంలో తీసిన ఎక్స్‌రే చూసి ఏమీ లేదన్నారు.

కీళ్ల వాత వైద్య నిపుణులు ఇందులో అయిదు సంగతులు చూస్తారు. 40 ఏళ్ల లోపు మొదలవడం, మెల్లగా రావడం, కదిలితే తగ్గడం, విశ్రాంతితో తగ్గకపోవడం, రాత్రి లేపి, లేచాక తెరిపి ఇవ్వడం. మూడు నెలలు దాటిన నొప్పిలో ఈ అయిదింట్లో నాలుగు ఉంటే వాపు వల్ల వచ్చే నొప్పిగా అనుమానించాలి. మన కుర్రవాడికి అయిదూ ఉన్నాయి. బరువులెత్తి పట్టేసిన నడుము సాధారణంగా దీనికి తలకిందులుగా ఉంటుంది: పనిలో పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది.

★ మరి ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదేం? ఎక్స్‌రే చూపేది ఎముక మీద పడిన దెబ్బను. ఆ దెబ్బ తేలడానికి ఏళ్లు పట్టవచ్చు. వాపును మొదట్లోనే చూపగలిగేది సాక్రోఇలియాక్ కీళ్ల ఎంఆర్ఐ. ఇక్కడ ఒక పొరపాటు తరచు జరుగుతుంది: నడుం నొప్పి కదా అని నడుము ఎంఆర్ఐ మాత్రమే తీస్తారు. అందులో ఈ కీళ్లు సరిగా పడవు. చీటీ మీద సాక్రోఇలియాక్ కీళ్లని రాసి ఉందో లేదో డబ్బు కట్టే ముందు అడగడం మేలు.

★ నడుము ఎంత వంగుతుందో కొలిచే షోబర్ పరీక్షకు టేపు చాలు. నిలబడినప్పుడు నడుము కింది గుంటల మట్టంలో ఒక గీత, దానికి 10 సెంటీమీటర్ల పైన ఇంకో గీత పెడతారు. పూర్తిగా ముందుకు వంగితే ఆ దూరం ఆరోగ్యవంతుల్లో 15 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. మన కుర్రవాడికి 13 దగ్గరే ఆగిందనుకుందాం. బిగుతు ఉందని తేలింది. అది ఫ్లోరైడ్ బిగుతా, వాపు బిగుతా అన్నది టేపు చెప్పదు.

దాన్ని చెప్పే గుర్తుల్లో ఒకటి నడుములో కాదు, ముంజేతిలో ఉంది! ఎముకల ఫ్లోరోసిస్ ముదిరితే ముంజేతి రెండు ఎముకల మధ్య ఉండే పొర సున్నం పట్టి ఎక్స్‌రేలో కనిపిస్తుంది, ఎముకలు మామూలుకన్నా తెల్లగా దట్టంగా తోస్తాయి. స్పాండిలైటిస్‌లో అలా ఉండదు. సాక్రోఇలియాక్ కీళ్ల అంచులు కొరికినట్టు అరగడం దీని లక్షణం. రక్తంలో సీఆర్‌పీ పెరిగితే అది కూడా వాపు వైపే చూపుతుంది, కానీ ఈ జబ్బున్న కొందరిలో సీఆర్‌పీ మామూలుగానే ఉంటుంది.

★ హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే జన్యువుకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం 1973లో బయటపడింది. ఆ పరీక్ష పాజిటివ్ రాగానే బెంబేలెత్తనక్కర్లేదు. ఆ జన్యువు ఉన్నవాళ్లలో అత్యధికులకు జబ్బు ఎన్నడూ రాదు. నెగెటివ్ అయినా జబ్బు లేదని కొట్టేయలేం. లక్షణాలతో కలిపి చూస్తేనే దానికి విలువ.

★ మహబూబ్‌నగర్ వైపు ఇంకో ప్రశ్న కూడా అడగాలి: ఇంట్లో గొర్రెలు, మేకలు ఉన్నాయా? వాటి నుంచి సోకే బ్రుసెల్లోసిస్ కూడా ఇవే కీళ్లను పట్టుకోగలదు, తరచు ఒక పక్కనే. జ్వరం, చెమటలు ఉంటే దీన్నీ, వెన్నెముక టీబీనీ ముందు తేల్చుకోవాలి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

★ వైద్యంలో తొలి మెట్టు నొప్పి, వాపు తగ్గించే మాత్రలు, రోజూ వ్యాయామం. సరైన మోతాదులో వేసుకుంటే ఒకటి రెండు రోజుల్లోనే బాగా తెరిపి రావడం కూడా ఈ జబ్బుకు ఒక ఆనవాలు. ఆ మాత్రలు కడుపును, కిడ్నీలను దెబ్బతీయగలవు కనుక సొంతంగా ఏళ్ల తరబడి మింగకూడదు. వాటితో అదుపు కాకపోతే యాంటీ టీఎన్ఎఫ్ సూదులున్నాయి. అవి ఒంట్లో నిద్రపోతున్న టీబీని లేపగలవు, కాబట్టి టీబీ పరీక్ష చేయకుండా మొదలుపెట్టకూడదు. సిగరెట్, బీడీ ఈ జబ్బును ముదరబెడతాయి.

★ ఈ జబ్బు కంటికీ వస్తుంది. ఉన్నట్టుండి ఒక కన్ను ఎర్రబడి, నొప్పెట్టి, వెలుతురు చూడలేకపోతే అది కళ్లకలక కాకపోవచ్చు. మెడికల్ షాపులో చుక్కలు కొనకుండా వెంటనే కంటి డాక్టరుకు చూపించి, నడుం నొప్పి సంగతి కూడా చెప్పాలి.

★ హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. అక్కడికైనా, దగ్గర్లోని ఏ డాక్టరు దగ్గరికైనా వెళ్లినప్పుడు నడుం నొప్పి అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోకండి. ఎన్ని గంటలకు మెలకువ వస్తోందో, పొద్దున ఎంతసేపు బిగుసుకుంటోందో, తిరిగితే తగ్గుతోందో పెరుగుతోందో, చిన్నప్పుడు ఏ నీళ్లు తాగారో, అన్నీ చెప్పండి.