‘నిర్లక్ష్యం’ కెమెరాకు దొరకదు

రాత్రి పదిన్నర దాటితే పత్రికాఫీసు డెస్కులో ఎవరి గొంతైనా కాస్త పైకే లేస్తుంది. అలాంటి ఒక రాత్రి, కొత్తగా చేరిన సబ్‌ఎడిటర్‌ని నేను అందరి ముందూ కడిగేశాను. “నీకు పని మీద శ్రద్ధ లేదయ్యా, ఎప్పుడూ ఇంతే!” అన్నాను. కుర్రాడు తలొంచుకుని “సారీ సార్” అన్నాడు. ఆ మర్నాటి నుంచి నాలుగు లైన్ల వార్తని కూడా నా టేబుల్ దగ్గరికి తెచ్చి “ఇది ఓకేనా సార్?” అని అడగడం మొదలుపెట్టాడు. నా పని రెట్టింపయింది.

ఇంతకీ జరిగిందేమిటంటే, బస్సు ప్రమాదం వార్త మొదట వచ్చినప్పుడు గాయపడినవాళ్లు ఐదుగురు. పది నలభైకి రిపోర్టర్ మళ్లీ పంపిన కాపీలో ఎనిమిది మంది. కుర్రాడు లోపలి వార్త మార్చాడు, హెడ్డింగ్ మార్చలేదు. పేజీ ప్రెస్సుకు వెళ్లిపోయింది. అక్కడెవరో చూసి ఫోన్ చేస్తే మిషన్ ఆపి ప్లేటు మార్చారు. దూరపు మండలాలకు వెళ్లే వ్యాను పాతిక నిమిషాలు ఆగింది.

ఇలాంటప్పుడు ఎలా మాట్లాడాలో చెప్పే పద్ధతి ఒకటుంది. అమెరికాలోని నార్త్ కరోలినాలో సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ అనే శిక్షణ సంస్థ రూపొందించింది. ముందు సందర్భం చెప్పాలి, తర్వాత ఆ మనిషి చేసిన పని, ఆపైన దానివల్ల కలిగిన ప్రభావం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. చాలామంది తప్పేది మధ్య మెట్టు దగ్గర. చేసిన పని చెబుతున్నామనుకుంటూ మనిషి మీద తీర్పు చెప్పేస్తాం. ‘నిర్లక్ష్యంగా ఉన్నావు’ అన్నది పని కాదు, మన అభిప్రాయం. నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే: గోడమీది సీసీ కెమెరాలో అది కనిపించేదేనా? హెడ్డింగ్ మార్చకుండా పేజీ పంపడం కనిపిస్తుంది. శ్రద్ధ లేకపోవడం కనిపించదు.

ఈ తేడా మాటల గారడీ కాదు. అవ్రహమ్ క్లూగర్, ఏంజెలో డెనిసి అనే పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలను కలిపి చూసి 1996లో ఒక విశ్లేషణ ప్రచురించారు. చేసిన పని గురించి చెప్పడం వల్ల సగటున పని మెరుగైన మాట నిజమే కానీ, మూడోవంతుకు పైగా సందర్భాల్లో ఇంకా దిగజారింది. వినేవాడి దృష్టి పని మీద నుంచి ‘నేనెలాంటివాణ్ణి’ అన్న ఆలోచన మీదికి మళ్లేకొద్దీ ఫలితం తగ్గుతుందని వాళ్లు వివరించారు. మా కుర్రాడు ప్రతి కాపీ పట్టుకుని నా చుట్టూ ఎందుకు తిరిగాడో అది చదివాక అర్థమైంది.

వారం తర్వాత క్యాంటీన్‌లో విడిగా కూర్చోబెట్టి మళ్లీ చెప్పాను. “ఆ రోజు బస్సు ప్రమాదం వార్త రెండోసారి వచ్చినప్పుడు నువ్వు లోపలి కాపీ మార్చావు, హెడ్డింగ్ మార్చలేదు. దాంతో ప్లేటు మళ్లీ తీయాల్సొచ్చింది, వ్యాను పాతిక నిమిషాలు ఆగింది.” అక్కడ ఆపేశాను. ‘పత్రిక పరువు తీశావు’ అని నోటిదాకా వచ్చింది. కానీ జరిగిన నష్టం వ్యాను ఆలస్యం వరకే. దాన్ని పెంచి చెబితే అతను ఆ పెంచిన భాగం మీదే వాదిస్తాడు. ముందు రెండు పొగడ్తలు వేసి తర్వాత ‘కానీ’ అనడమూ అంతే దండగ. వినేవాడు పొగడ్త వదిలేసి ఆ ‘కానీ’ కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటాడు.

“అసలేమైంది?” అని అడిగాను. ఈ ప్రశ్న కూడా అదే సంస్థ తర్వాత చేర్చిన నాలుగో మెట్టు, ఉద్దేశం తెలుసుకోవడం. కుర్రాడు కాసేపు టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. “పేజీ మీ దగ్గరికి చెకింగ్‌కి వచ్చాక హెడ్డింగ్ ముట్టుకోకూడదనుకున్నా సార్. నేను ముందు పనిచేసిన చోట అలాగే ఉండేది” అన్నాడు. మా దగ్గర అలా కాదని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. జరిగింది చెబుతుందే గాని ఇకపై ఏం చేయాలో చెప్పదు, అది ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. నెలలు గడిచాక తవ్వి తీస్తే సందర్భమే గుర్తుండదు. వాట్సాప్ గ్రూపులో పెడితే ఎంత జాగ్రత్తగా రాసినా అది అందరి ముందు తిట్టడమే. అదే తప్పు మూడోసారి జరిగితే మూడు మెట్లు మళ్లీ ఎక్కడం కన్నా, అతనికి ఆ పని నేర్పామా లేదా అన్నది ముందు చూసుకోవాలి.

కాపీలో అంకె మార్చినవాళ్లే హెడ్డింగ్‌లోనూ మార్చాలన్న నియమం మా డెస్కులో ఆ రాత్రి నుంచే మొదలైంది. దాన్ని కాగితం మీద రాసి గోడకు అంటించింది ఆ కుర్రాడే.